ముందు స్టాప్‌లాస్, ఆ తర్వాతే క్వాంటిటీ

చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో నాకు బాగా తెలిసిన అన్న ఒకాయన ఉన్నారు. పొద్దున బెల్లం మండీ పని చూసుకుంటారు, మిగతా టైంలో షేర్ల ట్రేడింగ్. ట్రేడింగ్ కోసం విడిగా పెట్టుకున్న డబ్బు 4 లక్షలు. ఒక ట్రేడ్ తప్పితే అందులో 1 శాతం, అంటే 4,000కు మించి పోకూడదన్నది ఆయన నియమం. ఫోన్‌లో ఆర్డర్ పెట్టే ముందు చిన్న నోట్‌బుక్‌లో నాలుగు అంకెలు రాస్తారు. కొనే ధర, పడితే అమ్మేసి బయటపడాల్సిన ధర అంటే స్టాప్‌లాస్, రెండింటికీ తేడా, చివరగా ఎన్ని షేర్లు.

చాలామంది ఈ వరసను తిరగేసి చేస్తారు, అసలు దెబ్బ అక్కడే తగులుతుంది అంటాను నేను. రెండేళ్ల కిందట నేనూ అదే చేశాను. 500 దగ్గర ఉన్న ఒక షేరు బాగా నచ్చి, ఉన్న 4 లక్షలూ పెట్టి 800 షేర్లు కొన్నాను. 4,000 కంటే ఎక్కువ పోకూడదని తర్వాత గుర్తొచ్చి, లెక్కేస్తే షేరుకు 5 రూపాయలు వచ్చింది, సరే అని 495 దగ్గర స్టాప్ పెట్టాను. ఆ షేరు రోజూ పది రూపాయలు అటూ ఇటూ ఊగేదే! మధ్యాహ్నానికల్లా 494 తాకి నన్ను బయటికి నెట్టి, నాలుగు రోజుల్లో 530కి వెళ్లిపోయింది. షేరు విషయంలో నా అంచనా కరెక్టే, తప్పింది క్వాంటిటీ.

అన్నకు చెబితే ఆయన చార్ట్ తెరిచి, "ఏ ధర కిందికి పోతే నువ్వు అనుకున్నది తప్పని ఒప్పుకుంటావు?" అని అడిగారు. అంతకు ముందు రెండుసార్లు 482 దగ్గర ఆగి పైకి లేచింది కాబట్టి, 480 కిందికి పోతే నేను కొన్న కారణమే పోయినట్టు. అంటే స్టాప్ 480, తేడా 20. 4,000ను 20తో భాగిస్తే 200 షేర్లు, పెట్టుబడి లక్ష మాత్రమే. అదే సరైన స్టాప్ 460 దగ్గర ఉంటే తేడా 40, కొనేది 100 షేర్లే. స్టాప్ ఎంత దూరంలో ఉన్నా పోయేది అదే 4,000. స్టాప్ ఎక్కడన్నది షేరు చెప్పాలి, మన జేబు చెప్పకూడదు. జేబు చెప్పాల్సింది ఎన్ని కొనాలన్నది ఒక్కటే.

1 శాతమే ఎందుకంటే, వరసగా తప్పే రోజులు ఎవరికైనా వస్తాయి. ప్రతిసారీ మిగిలిన డబ్బులో 1 శాతం చొప్పున పదిసార్లు పోయినా 4 లక్షల్లో 3,61,000కు పైనే ఉంటుంది. ప్రతిసారీ 10 శాతం పోతే మిగిలేది దాదాపు 1,39,000, మళ్లీ 4 లక్షలు కావాలంటే ఉన్నది దాదాపు మూడింతలు కావాలి. ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు, అంటే ఫ్యూచర్స్ జోలికి అన్న పోకపోవడానికి కారణం కూడా ఈ లెక్కే. 2024 చివర్లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, నిఫ్టీ లాంటి ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది. ఒక కాంట్రాక్టుకు కనీస పరిమాణమైన లాట్‌ను సగం చేసి కొనలేం కదా, ఇండెక్స్ ఒక్క శాతం కదిలితే 15,000. 4 లక్షల మనిషికి అది దాదాపు 4 శాతం.

అయితే స్టాప్‌లాస్ కూడా ఒక ఆర్డరే, అది మనకిచ్చిన హామీ కాదు. ఈ మధ్య అన్న దగ్గర ఇలాగే 500కు కొన్న 200 షేర్లు ఉన్నాయి. సాయంత్రం మార్కెట్ మూశాక కంపెనీ ఫలితాలు చెడుగా వచ్చాయి, మర్నాడు 9.15కి షేరు నేరుగా 450 దగ్గర తెరుచుకుంది. 480కి, 450కి మధ్య అసలు ట్రేడే జరగలేదు. 480 తాకగానే అమ్మాలని ట్రిగ్గర్ 480, 479 కంటే తక్కువకు వద్దని లిమిట్ 479 పెట్టి ఉంటే ఆర్డర్ లేచి, 479 ఇచ్చేవాడు లేక అలాగే కూర్చుంటుంది, షేరు మాత్రం కిందికి పోతూనే ఉంటుంది. అన్న మార్కెట్ ధరకే అమ్మేశారు. నష్టం 4,000 కాదు, 10,000. టెన్షన్ పడ్డారు గానీ 4 లక్షల మీద అది రెండున్నర శాతమే. మొత్తం డబ్బు పెట్టి 800 షేర్లు కొని ఉంటే 40,000 పోయేది.

ఆ తర్వాత ఆయన ఒక మార్పు చేసుకున్నారు. ఫలితాలు వచ్చే ముందు రోజు చేతిలో ఉన్న షేర్లలో సగం అమ్మేస్తారు. ఒకే రంగంలో నాలుగు షేర్లు కొంటే నాలుగూ కలిసి పడతాయి కనుక నాలుగింటికీ కలిపే ఆ 1 శాతం అనుకుంటారు.

మొన్న వెళ్లేసరికి నోట్‌బుక్ తెరిచే ఉంది. మొత్తం దగ్గర 4,00,000 కొట్టేసి 3,90,000 అని రాసి ఉంది. కింద కొత్త లైన్: 300, 287, 13. నేను చూస్తుండగానే 3,900ను 13తో భాగించి పక్కన 300 షేర్లు అని రాసి, ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.