ఇందిరా పార్కు బెంచీ మీద మెదడు శాస్త్రం

ఇందిరా పార్కులో మూడు రౌండ్లు నడిచి బెంచీ మీద కూలబడ్డవారికి వైద్యశాస్త్రం దానంతటదే వచ్చేస్తుందని మనకు తెలిసిందే. ఈ వారం వాట్సాప్ పాఠం: మెదడంతా కొలెస్ట్రాలే, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మింగితే అది ఎండిపోయి మతిమరుపు వస్తుంది. విరుగుడుగా పరగడుపున రెండు చెంచాల నెయ్యి తాగాలని తీర్మానం. ఒక పెద్దాయన ఇంకాస్త లోతుకెళ్లి ఆదివారం భేజా ఫ్రై సూచించారు. మెదడు తింటే మెదడు పెరుగుతుందట! ఆ లెక్కన పాయా జుర్రుకునే పాతబస్తీ అంతా ఈపాటికి ఒలింపిక్స్‌లో పరుగెత్తుతూ ఉండాలి. ఈ అభ్యంతరాన్ని సభ పరిశీలించలేదు, చాయ్ వచ్చింది.

నిజమే, ఒంటి బరువులో 2 శాతమే ఉన్న మెదడులో ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో 20 శాతానికి పైగా ఉంటుంది. ఎక్కువ భాగం నరాల మీది మైలిన్ తొడుగులోనే. కానీ రక్తంలోని ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ మెదడులోకి పోదు. గేటెడ్ కమ్యూనిటీ వాచ్‌మన్‌లా రక్తనాళాల గోడ దాన్ని బయటే నిలబెడుతుంది. మెదడు తనకు కావలసింది తనే తయారుచేసుకుంటుంది. మీ నెయ్యి గుండె రక్తనాళాల దాకా పోగలదు గానీ, జ్ఞాపకాల దాకా పోలేదు.

సిమ్వాస్టాటిన్ లాంటి కొవ్వులో కరిగే స్టాటిన్‌లు మాత్రం ఆ గోడ దాటి కొంత లోపలికి పోగలవు. అందుకే అనుమానాన్ని కొట్టిపారేయకుండా పరీక్షించారు. బ్రిటన్‌లో 20,536 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు సుమారు అయిదేళ్లు రోజూ 40 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్, రెండో గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు రెండింట్లోనూ 0.3 శాతమే. ఉత్తుత్తి మాత్రకు కూడా మెదడును ఎండబెట్టే శక్తి ఉందేమో, బెంచీ తేల్చాలి.

అరుదుగా కొందరికి మతిమరుపు, తికమక వచ్చాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో లేబుల్ మీద రాయించిన మాటా నిజమే. మాత్ర ఆపితే తగ్గిపోతాయని అదే లేబుల్ చెబుతుంది. ఫార్వర్డ్‌లో ఆ వాక్యం ఉండదు. స్టాటిన్ డిమెన్షియాను ఆపుతుందని కూడా ట్రయల్స్ తేల్చలేదు. కానీ నడివయసులో ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండటాన్ని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల కమిషన్ డిమెన్షియా ముప్పుల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు స్టెంట్ వేయించుకుని, అటోర్వాస్టాటిన్ వాడుతున్న ఒక అరవై ఏళ్ల అంకుల్‌ను తీసుకోండి. తాళంచెవులు మరచిపోతున్నాడు. ఫార్వర్డ్ చదివి మాత్ర మానేస్తాడు. రాత్రి నిద్రకు వేసుకునే అల్‌ప్రాజోలామ్‌ను, షుగర్‌కు ఏళ్ల తరబడి వాడుతున్న మెట్‌ఫార్మిన్‌ను మాత్రం ఎవరూ అనుమానించరు! మొదటిది నేరుగా జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది, రెండోది బీ12 విటమిన్‌ను తగ్గిస్తుంది. మాత్ర మానేసినందువల్ల గుండెపోటో, పక్షవాతమో వస్తే? పక్షవాతమే డిమెన్షియాకు రాజమార్గం. ఐసీయూ బిల్లులో ఫార్వర్డ్ చేసిన మహానుభావుడు ఎంత వాటా ఇస్తాడు? ఒక్క పైసా ఇవ్వడు. ఇంకో ఫార్వర్డ్ ఇస్తాడు, సిగ్గులేకుండా!

మరుపు ఎప్పుడు మొదలైంది, మాత్ర ఎప్పుడు మొదలైంది, రెండు తేదీలూ కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపించాలి. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే డాక్టరే కొన్ని వారాలు ఆపి చూస్తారు. మరుపు అలాగే ఉంటే మాత్ర నిర్దోషి, మళ్లీ మొదలు. తగ్గితే రోసువాస్టాటిన్ లాంటి నీటిలో కరిగే రకానికి మార్చి చూస్తారు.