అప్పు చేసి ఉంగరం కొనేముందు ఆమె చీరల పెట్టె చూడండి

"పెళ్లిరోజుకు ఒక నెల జీతమైనా పెట్టనివాడికి పెళ్లాం మీద ప్రేమ లేనట్టే. ఖరీదైనది ఇస్తేనే ఆమె మురిసిపోతుంది. డబ్బు లేకపోతే అప్పు చేసైనా బంగారం కొనాలి, అది ఎక్కడికీ పోదు. అదీ ముందే చెప్పకుండా సర్‌ప్రైజ్‌గా ఇవ్వాలి." పెళ్లిరోజు కానుకల గురించి చాలామంది అనే మాటలివి.

జీతంతో ప్రేమను కొలిచే లెక్కను ప్రచారంలో పెట్టింది వజ్రాల కంపెనీ డి బీర్స్. నిశ్చితార్థపు ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టమని 1980ల్లో ప్రకటనలిచ్చింది. సరుకు అమ్ముకునేవాళ్ల కొలత అది, మన కాపురాలకెందుకు?

ఖరీదు సంగతి 2009లో ఫ్లిన్, ఆడమ్స్ అనే పరిశోధకులు ఉంగరాల మీదే అడిగి చూశారు. ధర పెరిగితే ఆమె మెప్పు పెరుగుతుందని ఇచ్చినవాళ్లు అనుకున్నారు. తీసుకున్నవాళ్ల మెప్పుకు ధరతో సంబంధం కనబడలేదు.

బంగారం విషయానికొస్తే, చేతిలో డబ్బుండి ఆమెకు ఇష్టమైతే ప్రొద్దుటూరు వెళ్లి నిక్షేపంగా కొనండి. అప్పు చేస్తేనే చిక్కు. ఉంగరం మీద తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కడతాం. తిరిగి అమ్మితే లోహానికే డబ్బొస్తుంది, అవేవీ వెనక్కి రావు. పైగా వడ్డీ.

నాకు బాగా కోపం తెప్పించింది సర్‌ప్రైజ్ మాట. మాది అనంతపురం. మా ఆవిడ దగ్గర వాళ్లమ్మ ధర్మవరం పట్టుచీర ఒకటుంది. వాళ్లమ్మ పోయాక దాని మడత విప్పలేదు. పోయినేడు పెళ్లిరోజుకు నా దగ్గర వెయ్యి రూపాయలే ఉన్నాయి. ఆ చీరను చెప్పకుండా టైలర్‌కిచ్చి పాపకు పావడా కుట్టిద్దామనుకున్నా. ఎందుకో ఆగి, అడిగా.

"కత్తెర పెడితే మా అమ్మను కోసినట్టుంటుందండీ" అంది. కాసేపాగి, "అంచు మాత్రం తీయిస్తే జాకెట్‌కు వేసుకుంటా" అంది.

ఇద్దరం చీర పరిచి చూశాం. మడతల దగ్గర వేలితో మెల్లగా లాగితే పోగులు విడిపోయాయి. ఏళ్ల తరబడి ఒకే మడత మీదుంటే పట్టు అక్కడే చిట్లుతుంది. అలాంటి చీరను పాలిష్‌కిస్తే రోలర్ కింద ఇంకా చిరుగుతుంది. ఒక పక్క అంచు మాత్రం గట్టిగా ఉంది. టైలర్ మూరన్నర అంచు తీసి, కింద నూలు లైనింగ్ పెట్టి కొత్త జాకెట్ చేతులకు కుట్టింది. లైనింగ్ లేకపోతే పాత పట్టు కుట్టు దగ్గర తెగుతుందట. బట్ట, కూలి కలిపి 750 అయింది.

2011లో జినో, ఫ్లిన్ చేసిన పరిశోధనలోనూ అంతే: అడిగినది ఇచ్చినప్పుడే తీసుకున్నవాళ్లు ఎక్కువ మెచ్చుకున్నారు. పోయినవాళ్ల గుర్తుల విషయంలో అడగకపోవడం ప్రమాదం కూడా, కోసిన బట్ట మళ్లీ అతకదు.

మిగిలిన చీరను తెల్ల నూలుబట్టలో చుట్టి పెట్టాం. మూడు నెలలకోసారి విప్పి మడత మార్చే పని నాది.