సవరణ: కూర్నో మార్జిన్‌లో ఏ సగటు?

నేను ముందు రాసిన వాక్యం: "సంస్థల ధర-వ్యయ మార్జిన్ల సగటు, కేంద్రీకరణ సూచీని డిమాండు వ్యాకోచత్వంతో భాగిస్తే వచ్చేదానికి సమానం."

ఇది మామూలు సగటుకు వర్తించదు. మార్కెట్ వాటాలతో భారం వేసిన సగటుకే వర్తిస్తుంది. కూర్నో సమతౌల్యంలో, అంటే ప్రతి సంస్థా మిగతావాటి ఉత్పత్తి మారదనుకుని తన ఉత్పత్తిని నిర్ణయించుకునే స్థితిలో, ఒక్కో సంస్థ మార్జిన్, అంటే `(P − c)/P`, దాని వాటాను వ్యాకోచత్వంతో భాగించినంత. దాన్ని మళ్లీ వాటాతో గుణించి కూడితేనే వాటాల వర్గాల మొత్తం, అంటే హెర్ఫిండాల్ కేంద్రీకరణ సూచీ, పుడుతుంది. ఆ గుణకారమే నేను మరిచాను.

డిమాండు `P = 100 − Q`, రెండు సంస్థల ఉపాంత వ్యయాలు 10, 40 అనుకోండి. ఉత్పత్తులు 40, 10, ధర 50, వ్యాకోచత్వం సరిగ్గా 1. కాబట్టి మార్జిన్లు వాటాలే: 0.8, 0.2. మామూలు సగటు 0.5. భారిత సగటు 0.64 + 0.04 = 0.68, సూచీ కూడా అంతే. వ్యయాలు సమానమైతే రెండు సగటులూ ఒకటే. నా పాత ఉదాహరణలో తప్పు బయటపడకపోవడానికి కారణం అదే.