టీకా తేదీ తప్పితే కోర్సు మొదటికి రాదు: చేతులు మారుతున్న ఆ పట్టికకు జవాబు

పసిపిల్లల టీకాల మీద చేతులు మారుతున్న ఆ పట్టికలో ఉన్న మాటలివి: "కొత్తగా తల్లిదండ్రులైన వాళ్ళకు ముఖ్య గమనిక! టీకాలు ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు, ఆ తర్వాత తొమ్మిదో నెలలో. ఒక్క తేదీ తప్పినా పాత డోసులు చెల్లవు, మొదటి నుంచి వేయించాలి. ఒకటి ఆలస్యమైతే తర్వాతది కార్డులో ఉన్న తేదీకే వేయించి సర్దుకోవచ్చు. ఒకేరోజు మూడు సూదులు పసిబిడ్డ తట్టుకోలేదు, విడివిడిగా వేయించండి. జలుబు ఉంటే అసలు వద్దు. బీసీజీ మచ్చ పడకపోతే మళ్ళీ వేయించాలి. అందరికీ పంపండి."

ముందుగా, ఇందులో ఇబ్బంది లేని మాట ఒకటుంది. సర్కారు పట్టికలో ఉన్నది 6, 10, 14 వారాలు, అంటే పుట్టిన రోజు నుంచి 42, 70, 98 రోజులు. నెలల లెక్కలో అవి 45, 75, 105 రోజులవుతాయి. మూడు నుంచి ఏడు రోజులు వెనక్కి జరగడం వల్ల నష్టం లేదు. ముందుకు జరిగితేనే చిక్కు. అయినా వారాల్లో లెక్కేస్తే ఒక సుళువు ఉంది. ఈ మూడూ ఏడుతో భాగింపబడే అంకెలే కాబట్టి, బిడ్డ సోమవారం పుడితే మూడు గడువులూ సోమవారమే పడతాయి. తర్వాత వచ్చే మొదటి టీకాల రోజున వెళ్ళడమే మిగిలింది. మన వైపు చాలా ఊళ్ళలో అది బుధవారమో శనివారమో. మీ ఏఎన్‌ఎమ్మను అడిగితే మీ వీధికి ఏ రోజో చెబుతుంది.

కోర్సు మళ్ళీ మొదలుపెట్టాలన్నది పూర్తిగా తప్పు. అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటా మొదటి డోసు వేయించి నాలుగు నెలలు కనబడకుండా పోయినా, తిరిగొచ్చిన రోజు వేసేది రెండో డోసే. మొదటి డోసుతో ఒంట్లో తయారైన గుర్తింపు ఆలస్యం వల్ల చెరిగిపోదు. ఆ ఆలస్యంలో బిడ్డకు సగం రక్షణే ఉంటుంది, అసలు నష్టం అదొక్కటే. మళ్ళీ మొదటినుంచి పొడిపిస్తారన్న భయంతో, పిన్నమ్మలు అత్తమ్మలు ఏమంటారోనన్న మొహమాటంతో ఇంట్లోనే ఆగిపోయిన వాళ్ళకు ఈ పట్టిక చేసిన హాని ఇదే.

అలాగని అన్నిటికీ తలుపులు ఎప్పటికీ తెరిచి ఉండవు. హెపటైటిస్-బి పుట్టుక డోసు పుట్టిన 24 గంటల్లోపే, పోలియో సున్నా డోసు 15 రోజుల్లోపే. ఈ రెండూ దాటిపోతే వాటిని వదిలేసి ఆరో వారం డోసులతో మొదలుపెడతారు. పెంటాలో హెపటైటిస్-బి కూడా ఉంటుంది కాబట్టి ఆ రక్షణ అక్కడి నుంచి మొదలవుతుంది. బీసీజీ ఏడాది నిండేలోపు ఎప్పుడైనా వేస్తారు. పెంటా, విరేచనాల జబ్బు రాకుండా వేసే రోటా చుక్కలు, ఈ రెండింటి మొదటి డోసులు ఏడాదిలోపు పడితే చాలు, మిగిలినవి ఆ తర్వాతైనా పూర్తి చేస్తారు.

ఇక అసలు ప్రమాదం "కార్డులో ఉన్న తేదీకే సర్దుకోవచ్చు" అన్న మాటలో ఉంది. తర్వాతి తేదీని లెక్కించాల్సింది కార్డు మీద ముందే రాసిన తేదీ నుంచి కాదు, సూది నిజంగా పడిన రోజు నుంచి. పెంటా, రోటా, పోలియో చుక్కలు రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఒక డోసుకు శరీరం స్పందించి సద్దుమణిగాక రెండోది పడితేనే రక్షణ బలం పెరుగుతుంది. ఎడం చాలకుండా వేసిన డోసు లెక్కలోకి రాదు.

ఒక బిడ్డ లెక్క చూద్దాం. పుట్టింది 2026 జనవరి 5, సోమవారం, తిరుపతిలో. ఆసుపత్రిలోనే బీసీజీ, పోలియో సున్నా, హెపటైటిస్-బి పడ్డాయి. గడువులు ఫిబ్రవరి 16, మార్చి 16, ఏప్రిల్ 13. టీకాల రోజు బుధవారం కాబట్టి కార్డులో ఫిబ్రవరి 18, మార్చి 18, ఏప్రిల్ 15 అని రాశారు. ఈలోగా తల్లి పలమనేరు పుట్టింటికి వెళ్ళింది, అక్కడ మొదటి విడత మార్చి 4న గానీ పడలేదు.

| విడత | కార్డులో రాసింది | నిజంగా పడింది | తర్వాతిది ఎప్పటి నుంచి |
|---|---|---|---|
| మొదటిది | ఫిబ్రవరి 18 | మార్చి 4 | ఏప్రిల్ 1 |
| రెండోది | మార్చి 18 | ఏప్రిల్ 1 | ఏప్రిల్ 29 |
| మూడోది | ఏప్రిల్ 15 | ఏప్రిల్ 29 | 9 నెలలు నిండాక |

చేతులు మారుతున్న ఆ పట్టిక మాట విని మార్చి 18న రెండో విడతకు వెళ్ళుంటే ఎడం 14 రోజులే అయ్యేది. చూసుకునే ఏఎన్‌ఎమ్మ అయితే వెనక్కి పంపేది. రద్దీలో చూసుకోకపోతే ఒక డోసు వృథా. ఇంకో పొరపాటు ఏప్రిల్ 15న జరుగుతుంది: బిడ్డకు 14 వారాలు దాటాయి కదా, సర్కారు పట్టికలో 14 వారాల గడిలో ఉన్నవి వేసేయండి అంటారు. రెండు వారాల కిందటే రెండో విడత పడింది, మూడోదానికి ఇంకా గడువు రాలేదు. గడి వయసును బట్టి కాదు, వరసలో తర్వాత ఏది ఉందో దాన్ని బట్టి వెళ్ళాలి.

రెండు టీకాలకు ఈ వరస కొంచెం వేరు. చేతికి చర్మంలోపల వేసే పోలియో సూది, న్యుమోనియా టీకా పీసీవీ రెండో విడతలో ఉండవు. మొదటి, మూడో విడతల్లోనే వేస్తారు. ఈ బిడ్డకు మార్చి 4, ఏప్రిల్ 29 మధ్య ఎనిమిది వారాలు వచ్చాయి, సరిపోయింది. రెండో విడతలో ఒకే సూది పడిందేమని కంగారు పడక్కర్లేదు, అది అంతే.

టీకాల రోజు మారినప్పుడు మాత్రం జాగ్రత్త. బుధవారం పడితే నాలుగు వారాలకు బుధవారం సరిగ్గా 28 రోజులు. శనివారం పడి, తర్వాతిసారి బుధవారం వెళ్దామనుకుంటే నాలుగో వారపు బుధవారానికి 25 రోజులే అవుతాయి. ఆ శనివారం దాకా ఆగాలి. ఇంట్లో పెద్దలు జన్మనక్షత్రం తిరిగొచ్చిన రోజును నెలగా లెక్కపెడితే అది 27 రోజులకే వచ్చేస్తుంది, అక్కడా ఒక రోజు తక్కువ. నక్షత్రం హోమానికి, టీకాకు క్యాలెండరు.

"తొమ్మిదో నెల" దగ్గర మన భాషే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. బిడ్డకు తొమ్మిదో నెల పడింది అంటే ఎనిమిది నిండాయని అర్థం. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్మార్ టీకా వేయాల్సింది తొమ్మిది నిండాక. పై బిడ్డకు సెప్టెంబర్ 5న తొమ్మిదో నెల పడుతుంది, తొమ్మిది నిండేది అక్టోబర్ 5న. ఆ వారం బుధవారం అంటే అక్టోబర్ 7. తల్లి కడుపులో ఉండగా బిడ్డకు చేరిన తట్టు ప్రతిరక్షకాలు ఇంకా మిగిలి ఉంటే, టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను అవే అణిచేస్తాయి, టీకా అంటుకోదు. తట్టు ప్రబలినప్పుడు ఆరు నెలలు నిండిన పిల్లలకు ముందే వేస్తారు, కానీ దాన్ని లెక్కపెట్టరు, తొమ్మిది నిండాక మళ్ళీ వేస్తారు. మొదటి విడతలు రెండు వారాలు జరిగాయని దీన్ని కూడా జరపకండి. ఇది పుట్టిన తేదీని బట్టే వస్తుంది. అదే రోజు ఎడమ చేతికి మూడో పోలియో సూది, తొడకు పీసీవీ బూస్టరు, చెంచాతో విటమిన్-ఎ 1 మిల్లీలీటరు ఉంటాయి. 2023 నుంచి మూడో పోలియో సూది చేరింది కాబట్టి అంతకుముందు తయారైన పట్టికల్లో అది కనబడదు. మీకు వచ్చిన పట్టిక పాతదో కాదో పట్టుకోవడానికి ఇదొక గుర్తు. ఇక ఉదయమే వెళ్ళండి: ఎమ్మార్ పొడిని నీళ్ళతో కలిపాక సీసా నాలుగు గంటలే పనికొస్తుంది, మిగిలింది పారేయాల్సిందే.

మూడు సూదుల సంగతి. మొదటి విడతలో పెంటా ఎడమ తొడకు, పీసీవీ కుడి తొడకు, పోలియో కుడి భుజానికి వేస్తారు. చోట్లు వేరు కావడానికి కారణం, ఎక్కడైనా వాపు వస్తే ఏ టీకా వల్లో తెలియడానికే. కలిపి వేసినా ప్రతి టీకా పని అది చేస్తుంది. విడదీస్తే ఏడుపు తగ్గదు, రోజుల మీదకు పరుచుకుంటుంది. పైగా ఒకటి ఈ వారం, ఒకటి వచ్చే వారం అంటే ఒక్కోదాని 28 రోజుల లెక్క వేరవుతుంది, నాలుగో నెలకు ఆ చిక్కుముడి ఎవరికీ విప్పబుద్ధి కాదు.

మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి వేడి ఉన్నా టీకా వేస్తారు. ఆపేది ఎక్కువ జ్వరం ఉన్నప్పుడు, ఆసుపత్రిలో చేర్చేంత జబ్బు ఉన్నప్పుడు. ముందు డోసు తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఆ మాట టేబుల్ దగ్గర ముందే చెప్పాలి. తర్వాతి డోసు సంగతి డాక్టరు చూసి తేల్చాలి.

బీసీజీ వేసిన వెంటనే ఎడమ భుజం మీద చిన్న పొంగు వచ్చి కాసేపటికి అణిగిపోతుంది. రెండు మూడు వారాలు ఏమీ ఉండదు. తర్వాత చిన్న గుల్ల లేచి పెరుగుతుంది, కొందరికి చితికి రసి కారుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల్లో మాని మచ్చ పడుతుంది. పసుపు, సున్నం, వేపాకు ముద్ద ఏదీ పెట్టకండి, పొడిగా ఉంచితే చాలు. చంకలో గడ్డ కట్టి పెరుగుతుంటే మాత్రం చూపించండి. కొందరికి మచ్చే పడదు, అప్పుడు మళ్ళీ వేయరు. కార్డులో తేదీ ఉంటే టీకా పడినట్టే.

కార్డు గురించి చిత్తూరు వైపు వాళ్ళకు ఒక మాట. పుట్టిల్లు వేలూరులోనో కోలారులోనో ఉంటే కార్డు తమిళంలోనో కన్నడలోనో వస్తుంది. అక్కడ కూడా ఇదే 6, 10, 14 వారాల వరస, కాబట్టి ఇక్కడి ఏఎన్‌ఎమ్మ అంకెలు చూసి అర్థం చేసుకుంటుంది. ప్రైవేటులో వేయిస్తే కథ వేరు: అక్కడ పెంటాకు బదులు పోలియో కూడా కలిసిన ఆరింటి టీకా వేసి ఉండొచ్చు. అందుకే "వేశాం" అన్న టిక్కు చాలదు, టీకా పేరు, తేదీ రాయించుకోండి, సీసా మీది చీటీ ఇస్తే కార్డుకే అంటించండి. బయటికొచ్చే ముందు పడిన తేదీకి 28 కలిపి, కార్డులో రాసిన తర్వాతి తేదీతో పోల్చి చూడండి. తేడా ఉంటే అక్కడే దిద్దించుకోవచ్చు.