శవం దొరకలేదంటే డేట్స్ దొరకలేదని అర్థం

మా పెద్దమ్మకి హైదరాబాద్ హిందీ బానే వచ్చు, అంటే ఆబిడ్స్‌లో చీర బేరమాడేంత, ఆ హిందీతోనే 2000 సంవత్సరం నుంచి ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’ అనే హిందీ సీరియల్ చూసింది. ఆ కాలంలో ఇంట్లో ఎవరికి ఒంట్లో బాలేకపోయినా రాత్రి పదిన్నరలోపే బాలేకుండా ఉండాలి, ఆ తర్వాత పట్టించుకునే నాథుడు లేడు. అలాంటింట్లో 2001లో ఆ సీరియల్ హీరో మిహిర్ పోయాడు. యాక్సిడెంట్. పెద్దమ్మ రెండ్రోజులు సరిగ్గా అన్నం తిన్లేదు, మా పెదనాన్న మాత్రం శుభ్రంగా తిన్నాడు, ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

అసలు విషయం ఏంటంటే పోయింది మిహిర్ కాదు, ఆ వేషం వేస్తున్న అమర్ ఉపాధ్యాయ్ సినిమాల వైపు వెళ్దామనుకున్నాడు. కానీ దేశమంతా గగ్గోలు పెట్టేసరికి మిహిర్ బతికొచ్చేశాడు, గతం మర్చిపోయాడన్నారు, సరే అనుకున్నాం. ఆ తర్వాత అమర్ నిజంగానే వెళ్ళిపోయాడు, అప్పుడు ఇందర్ కుమార్ వచ్చాడు, ఆయనా పోయి రోనిత్ రాయ్ వచ్చాడు. ఒక్క మనిషికి మూడు మొహాలు. చచ్చి బతికితే ఊరంతా ఏడ్చింది కానీ మొహం మారితే విరానీ వాళ్ళింట్లో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు “ఏంట్రా అబ్బాయ్, ముక్కు మారింది” అనలేదు. బ్యాంకులో సంతకం కాస్త వంకరపోతేనే మనల్ని మూడుసార్లు తిప్పుతారు, ఆయన అంత వ్యాపారం ఎలా చేసుకొచ్చాడో, రేషన్ కార్డు మీద ఏ ఫోటో పెట్టుకున్నాడో ఎవరైనా రీసెర్చ్ చేయాలి. హీరోయిన్ తులసి సంగతీ అంతే, 2007లో స్మృతి ఇరానీ పోయి గౌతమీ కపూర్ వచ్చింది, మరుసటేడు మళ్ళీ స్మృతి ఇరానీ వచ్చింది. ఇల్లు అదే, అత్త అదే, కన్నీళ్ళూ అవే.

నేను ఎన్నో ఏళ్ళు టీవీ ముందు వేస్ట్ చేసి తేల్చుకున్నది ఒకటే, ఇలా ఏమీ చెప్పకపోవడమే అన్నిటికంటే మంచి ఎక్స్‌ప్లనేషన్. జనం మూడ్రోజులు తిట్టుకుంటారు, నాలుగోరోజు “పాపం ఈ పిల్లా బానే చేస్తోంది” అంటారు. కథ కట్టి చెప్పబోతేనే కొంప మునుగుతుంది.

కొత్త మొహాన్ని దింపే పద్ధతి ఒకటుంది, ఈసారి గమనించండి. ముందు కారు తలుపు తీసుకుంటుంది, కాళ్ళు కనిపిస్తాయి, తర్వాత గాజులు, ఆ తర్వాత వెనకనుంచి జడ, గాలి ఎక్కణ్ణుంచో వస్తుంది. హాల్లో ఉన్న ఏడుగురి మొహాలూ ఒక్కొక్కటి మూడేసి సార్లు చూపిస్తారు, ఉరుమొకటి. అప్పుడు తిరుగుతుంది. మనం సోఫాలో “ఎవరే ఇది?” అనుకుంటుంటే ఇంట్లోవాళ్ళు మాత్రం “వచ్చావా తల్లీ” అంటారు. ఆ “వచ్చావా తల్లీ”లోనే మొత్తం ఎక్స్‌ప్లనేషన్ ఉంది, అంతకుమించి ఇంకేం అడక్కూడదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఫ్లాష్‌బ్యాక్‌లు బంద్, ఎందుకంటే వాటిల్లో పాత మొహం ఉంటుంది కదా. గోడమీద పెళ్ళిఫోటో మాయమై ఆ మేకుకి ఓ సీనరీ వేలాడుతుంది.

మనిషి వెళ్ళిపోబోతున్నారని ముందే తెలిసే గుర్తులు కూడా ఉన్నాయి. క్యారెక్టర్ భోజనాల సీన్లో కనిపించదు కానీ పేరు వినిపిస్తుంది, “తలనొప్పిగా ఉందని పడుకుంది” అంటారు. తర్వాత “ఊరెళ్ళింది.” తర్వాత ఫోన్లో మాట్లాడుతుంది, కాకపోతే అవతలి గొంతు మనకి వినపడదు, ఇవతలివాళ్ళే “ఏంటీ, ఆరోగ్యం జాగ్రత్తా? సరే సరే” అని రెండు వైపులా వాళ్ళే మాట్లాడేస్తారు. డైలీ సీరియల్‌కి చేతిలో ఉండేది కొద్దిరోజుల ఎపిసోడ్లే, ఇవాళ డేట్స్ కుదర్లేదంటే వచ్చేవారం కథ మారిపోవాల్సిందే, రైటర్ మాత్రం ఏం చేస్తాడు పాపం, తలనొప్పితో మొదలుపెడతాడు. ఫోన్ దశ దాటిందంటే ఇంక రెండే దార్లు, అమెరికా లేదా లోయ.

లోయ అంటే మనకి ‘కార్తీక దీపం’ సీరియల్ గుర్తుకు రావాలి. 2022 మార్చిలో వంటలక్క దీపనీ డాక్టర్‌బాబు కార్తీక్‌నీ కారు యాక్సిడెంట్‌లో చంపేసి, పిల్లలు హిమ, శౌర్యల్ని పెద్దవాళ్ళని చేసేశారు. తరాన్నే మార్చేశారన్నమాట. మా పక్కింటావిడ అయితే ఆ రాత్రి స్నానం చేసినంత పని చేసింది. నేను మాత్రం ఒకటే అడిగా, “శవాలు చూపించారా?” అని. ఆవిడ నన్నో రాక్షసుణ్ణి చూసినట్టు చూసింది. కానీ సీరియల్ శాస్త్రం ప్రకారం దండేసిన ఫోటో మరణ ధృవీకరణ పత్రం కాదండీ, అది లీవ్ లెటర్. కారు లోయలో పడితే తిరిగొస్తారు, మంటల్లో కాలితే మొహం మార్చుకుని వస్తారు, నదిలో పడితే ఎవరో జాలరి దొరుకుతాడు. కొన్ని నెల్లకే దీప కోమాలోంచి లేచింది, డాక్టర్‌బాబు గతం మర్చిపోయి విలన్ మోనిత దగ్గర తేలాడు, పక్కింటావిడ వారంపాటు నా మొహం చూళ్ళేదు.

ఇందులో అసలు తమాషా చాలామందికి తెలీదు. ‘కార్తీక దీపం’ మలయాళం ‘కరుత్తముత్తు’కి రీమేక్, అక్కడా మొదట హీరోయిన్ ప్రేమీ విశ్వనాథే. ఆవిడ స్థానంలో మధ్యలో రేణూ సౌందర్ వచ్చింది, లోయా లేదు కోమా లేదు, మొహం మారింది అంతే. అదే ఇక్కడ అయితే ఇద్దర్ని చంపి, పిల్లల్ని పెంచి, మళ్ళీ బతికించాల్సొచ్చింది. లెక్క చూసుకుంటే మలయాళీలకి డీజిల్ ఖర్చు కలిసొచ్చింది. మనవాళ్ళు అక్కడితో ఆగారా, 2024లో రెండో భాగం మొదలుపెట్టారు, మళ్ళీ ప్రేమీ విశ్వనాథ్, నిరుపమ్ పరిటాలే, దీప, కార్తీక్ పేర్లే, కానీ వాళ్ళు వీళ్ళు కాదు, కథ కొత్తది. అంటే మిహిర్‌కి మొహాలు మారి మనిషి మారలేదు, ఇక్కడ మొహాలు అవే, మనుషులు మారిపోయారు. మా పక్కింటావిడ మొదటి వారమంతా “మోనిత ఏదీ?” అని వెతుక్కుంది.

మనల్ని మనమే తిట్టుకోనక్కర్లేదు, అమెరికా వాళ్ళు ఇంకా ఘనులు. ‘డాలస్’ అనే సీరియల్లో బాబీ వేషం వేసే పాట్రిక్ డఫీ 1985లో మానేస్తే బాబీని చంపేశారు, మర్నాడు కాదు ఏడాది తర్వాత ఆయన వెనక్కొచ్చాడు. ఏం చెప్పాలో తోచక ఏం చేశారో తెలుసా, బాబీ మాజీ భార్య పామ్ నిద్రలేచి బాత్రూం తలుపు తీస్తే లోపల బాబీ స్నానం చేస్తున్నాడు. సీజన్ మొత్తం ఆవిడ కలట! ఆ ఏడాది ఆ సీరియల్లో జరిగిన పెళ్ళిళ్ళు, గొడవలు, వ్యాపారాలు అన్నీ రద్దు. వారం వారం పనులు మానుకుని చూసినవాళ్ళ టైం ఎవరిస్తారు? మన దగ్గర కనీసం కోమాకి సెలైన్ బాటిలైనా వేలాడదీస్తారు.

సరే, మొన్న 2025లో ‘క్యోంకి’ మళ్ళీ మొదలైంది. తులసిగా స్మృతి ఇరానీ, మిహిర్‌గా మొదటాయన, అమర్ ఉపాధ్యాయ్. మూడు మొహాలు తిరిగి తిరిగి పాతిక సంవత్సరాలకి ఒరిజినల్ మొహం ఇల్లు చేరింది. పెద్దమ్మకి ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనపడవు, అయినా టీవీకి దగ్గరగా కుర్చీ జరిపించుకుంది. నేను పక్కనే కూర్చుని ఎలా ఏడుస్తుందో చూద్దామని ఎదురుచూశా. పదినిమిషాలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

“ఎవర్రా వీడు? మిహిర్‌లా లేడే.”