రాత్రికి రాత్రే వచ్చిన తికమకను డిమెన్షియా అనుకోకండి

"డెబ్బై దాటినవాళ్లు ఆసుపత్రిలో ఉండగా మనుషుల్ని గుర్తుపట్టకపోతే డిమెన్షియా మొదలైనట్టే. అది వయసు జబ్బు, చికిత్స లేదు. నిద్రమాత్ర ఇస్తే సర్దుకుంటారు. ఇంటికి వచ్చాక తీరిగ్గా న్యూరాలజిస్టుకు చూపించండి." (చెన్నై తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం)

మొదటి వాక్యమే తప్పు. డిమెన్షియా నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే జబ్బు. అది ఏ రోజు మొదలైందో ఇంట్లోవాళ్లు చెప్పలేరు. నిన్న సాయంత్రం వరకు బాగున్న మనిషి ఈ ఉదయానికి మారిపోతే దాన్ని డెలీరియం అంటారు. ఇందులో జ్ఞాపకం కంటే ముందు దెబ్బతినేది ధ్యాస. పైగా అది పొద్దున కొంచెం తేటపడి, రాత్రికి మళ్లీ ముదురుతుంది. మన పల్లెల్లో జ్వరం తలకెక్కినవారి మాటలను సంధి ప్రేలాపన అనేవారు. తికమకకు కారణం ఒంట్లోని జబ్బేనన్న ఎరుక ఆ మాటలో ఉంది.

చికిత్స లేదన్న మాటకు నేను చూసిన ఒక రోగి సంగతే జవాబు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన డెబ్బై ఆరేళ్ల రైతుకు తుంటి ఎముక విరిగితే చెన్నైలో ఆపరేషన్ చేశారు. రెండో రోజు ఉదయం మూత్రం గొట్టం తీసేశారు. ముక్కు కారుతోందని ఆ రాత్రి కొడుకు ఇంటి నుంచి తెచ్చిన జలుబు మాత్ర వేశాడు. రెండు గంటలప్పుడు ఆయన చేలో గేదెలు పడ్డాయంటూ మంచం దిగబోయారు. తమిళం తప్ప రాని నర్సు, తను అడిగినదానికి ఆయన జవాబు చెప్పలేదు కాబట్టి "తికమక" అని మాత్రమే రాసింది. తెల్లవారేసరికి ఆయన కదలకుండా పడుకున్నారు. "ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నారు సార్" అన్నాడు కొడుకు.

నాకు భయం వేసింది ఆ ప్రశాంతతను చూసే. కేకలు వేసే డెలీరియం అందరికీ కనిపిస్తుంది, మగతగా పడి ఉండేది మాత్రం విశ్రాంతిలా కనిపించి తప్పించుకుంటుంది. శనివారం నుంచి వారాల పేర్లు వెనక్కి చెప్పమని తెలుగులో అడిగాను. "శనివారం, శుక్రవారం..." అని, ఫ్యాను వైపు చూస్తూ అడిగిన సంగతే మరిచిపోయారు. షుగరు, ఆక్సిజన్ బాగానే ఉన్నాయి. కానీ పొత్తికడుపు గట్టిగా, ఉబ్బి ఉంది. స్కాన్‌లో మూత్రాశయంలో 850 మిల్లీలీటర్లు నిలిచిపోయి ఉంది. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ వంటి మందులు వయసైనవారి మెదడును మందగింపజేయడమే కాక, మూత్రం బయటికి రాకుండానూ చేస్తాయి; ఇక్కడ ఒక్క మాత్ర రెండు విధాలా దెబ్బ తీసింది. నాలుగు రోజులుగా విరేచనం కూడా లేదు. గొట్టం పెట్టి మూత్రం తీశాం, మాత్ర ఆపాం, విరేచనానికి మందిచ్చాం. కొడుకు సంచిలో ఉండిపోయిన కళ్లజోడు, వినికిడి యంత్రం తెప్పించి పెట్టాం. మర్నాడు సాయంత్రానికి ఆయన ఏడు వారాలూ తప్పులేకుండా వెనక్కి చెప్పి, వడ్ల ధర ఎంత పలుకుతోందని అడిగారు. అందరూ ఇంత త్వరగా కోలుకోరు. కొందరికి వారాలు పడుతుంది, కొందరు పూర్తిగా మునుపటిలా కారు.

ఆ రాత్రి ఆయనకు నిద్రమాత్ర ఇచ్చి ఉంటే ఉబ్బిన మూత్రాశయం అలాగే ఉండిపోయేది, మగత మరింత ముదిరేది. అల్‌ప్రజోలాం వంటి మాత్రలు వృద్ధులలో డెలీరియాన్ని తెచ్చిపెట్టగలవు కూడా. రోజూ మద్యం తాగే మనిషి హఠాత్తుగా మానినందువల్ల వచ్చే డెలీరియానికి మాత్రం ఆ జాతి మందులే చికిత్స. అందుకే తాగుడు అలవాటును డాక్టరు దగ్గర దాచకూడదు.

ఇక తీరిగ్గా చూపించుకోవడం గురించి. తిండి తినకుండా షుగరు మాత్ర వేసుకున్నవారికి చక్కెర పడిపోయినా, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆక్సిజన్ తగ్గినా, చీము రక్తంలోకి పాకినా, సోడియం పడిపోయినా పైకి కనిపించేది ఇదే తికమక. వీటిలో కొన్నింటికి గంటల వ్యవధి కూడా ఉండదు. వార్డులో ఉంటే రౌండ్స్ దాకా ఆగకుండా డ్యూటీ డాక్టరును పిలిపించి, "నిన్న రాత్రి ఏడింటి దాకా మామూలుగా మాట్లాడారు, ఇప్పుడు ఇలా ఉన్నారు" అని సమయంతో సహా చెప్పాలి. బయటి నుంచి తెచ్చి వేసిన ప్రతి మాత్రా చూపించాలి. ఇంట్లో జరిగితే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లాలి. మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, 108కి ఫోన్ చేయాలి.

సందేశంలో ఒక నిజపు తునక ఉంది. డిమెన్షియా ఉన్నవారికే డెలీరియం ఎక్కువగా వస్తుంది, కాబట్టి ముందే మతిమరుపు ఉందన్నది పరీక్షలు మానడానికి కారణం కాదు. అయితే జ్ఞాపకశక్తి పరీక్షను డెలీరియం తగ్గాక కొన్ని వారాలు ఆగి, రోగి మాతృభాషలో చేయాలి. ఆ రైతుకు మూడు నెలల తర్వాత తెలుగులో చేసినప్పుడు కొంత లోపం బయటపడింది. ఏడాదిగా పాలవాడికి ఒకే నెల డబ్బు రెండుసార్లు ఇస్తున్నారని కోడలు అప్పుడు చెప్పింది.