పై తీగా, పక్క పట్టా: ఒక మెట్రో ఫోటో మీద వాదోపవాదం

(కూకట్‌పల్లిలో ఒక ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం. యాదగిరి చాలా ఏళ్లు రైల్వే కరెంటు లైన్ల పనుల్లో సూపర్‌వైజర్‌గా చేశాడు. శిరీష ఆయన అన్న కూతురు, ఫోటో చూసి ఊరు పట్టే ఆట రోజూ ఆడుతుంది. సురేశ్ ఆమె అన్న.)

సురేశ్: ఈ ఫోటో మన మెట్రోదేనా కాదా? వాట్సాప్‌లో వచ్చింది. ఏ ఊరో ఎట్ల చెప్పాలి?

శిరీష: మనదే. చూడు బాబాయ్, స్టేషన్ నేల మీద లేదు, రోడ్డు పైన ఉంది. రైలుకు మూడే బోగీలు. బెంగళూరులో ఆరు, చెన్నైలో నాలుగు. పైగా ప్లాట్‌ఫామ్ సగం ఖాళీగా ఉంది. మన స్టేషన్లు ఆరు బోగీలకు కట్టి మూడు బోగీల రైళ్లు నడుపుతున్నారు కదా, ఆ గుర్తు ఇంకెక్కడా ఉండదు.

యాదగిరి: ఆ గుర్తు మంచిదే కానీ, దానికి ఒక తారీఖు ఉందమ్మా. బెంగళూరులో కూడా 2018 జూన్ దాకా మూడు బోగీల రైళ్లే నడిచినై. ఆరు బోగీలది ఆ నెలలో మొదలైంది. అక్కడి ప్లాట్‌ఫామ్‌లు కూడా ముందునుంచే ఆరింటికి కట్టినవే. అంటే పాత బెంగళూరు ఫోటో అయితే అచ్చం ఇట్లనే ఉంటుంది.

శిరీష: సరే, కానీ బోర్డు చూడండి. మూడు వరుసలున్నాయి. మధ్యలో హిందీ. బెంగళూరులో హిందీ ఉండదు.

యాదగిరి: ఇప్పుడు ఉండదు. 2017లో గొడవైంది, ఆ తర్వాత తీసేశారు. అంతకుముందు ఉండేది. నువ్వు చెప్పిన రెండు ఆధారాలూ నా వైపే వచ్చినై చూడు: మూడు బోగీలు, హిందీ బోర్డు. రెండూ కలిసిన కాలం ఒకటుంది.

సురేశ్: నేను రోజూ అమీర్‌పేటలో లైన్ మారుతా. ఆ నేల, ఆ పసుపు చుక్కల టైల్స్ అచ్చం ఇవే. నాకైతే అమీర్‌పేటలాగే అనిపిస్తుంది.

శిరీష: అన్నా, పసుపు చుక్కల టైల్స్ ఏ మెట్రోకు పోయినా ఉంటాయి, చూపు లేనివాళ్ల కోసం వేసేవి. వాటితో ఊరు తేలదు. పసుపు గీత సంగతీ అంతే. (యాదగిరితో) మరి లిపి? పై వరుస గుండ్రంగా ఉంది. అది తెలుగు.

యాదగిరి: జూమ్ చేసి చూపించు. ఎంత పెద్దది చేస్తే అంత చెదిరిపోతుంది. తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడ తలకట్టు పడుకుని కుడివైపు కొక్కెంలా వంగుతుంది. ఇందులో ఆ రెండూ ఒక్కలాగే మసకగా ఉన్నై. దీన్ని బట్టి తెలుగని నేను చెప్పను, కన్నడమనీ చెప్పను.

శిరీష: అయితే మీరు దేన్ని బట్టి చెప్తారు?

యాదగిరి: కరెంటు ఎటునుంచి వస్తుందో చూస్తా. మన రైలు 25 వేల వోల్టుల తీగ కింద నడుస్తుంది, నెత్తి మీద ఆ తీగను తాకి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ ఉంటుంది. చెన్నై కూడా అంతే. బెంగళూరులో తీగే లేదు. పట్టాల పక్కన ఇంకో పట్టా ఉంటుంది, థర్డ్ రైల్ అంటారు, దాంట్లో 750 వోల్టులు. కొచ్చిలో అదే, అహ్మదాబాద్‌లోనూ అదే. ఈ ఫోటోలో తీగ లేదు.

శిరీష: ఇక్కడ నేను ఒప్పుకోను బాబాయ్. ఎండలో తీసిన ఫోటో. వెనక ఆకాశం తెల్లగా పోయింది. అంత సన్నటి తీగ ఆ వెలుగులో కనిపించదు. ఫోటోలు చూసీ చూసీ చెప్తున్నా, మన స్టేషన్లు తీసిన ఫోటోల్లోనే తీగ మాయమై చాలాసార్లు తికమక పెట్టింది. కనబడనంత మాత్రాన లేదనడం తప్పు.

యాదగిరి: (కాసేపు ఆగి) అది నిజమే. తీగ కాదు, తీగను మోసేది వెతకాలి. స్తంభం, స్తంభం నుంచి పట్టాల మీదకు వచ్చే చెయ్యి, దానికి ఇన్సులేటర్. స్టేషన్ లోపలైతే కప్పు నుంచి దింపుతారు. అవి లావుగా ఉంటాయి, వెలుగులో కరిగిపోవు. ఫోటోలో ప్లాట్‌ఫామ్ దాటాక వంతెన మీద చాలా దూరం కనిపిస్తుంది కదా, ఒక్క స్తంభమైనా ఉందా?

శిరీష: (ఫోన్ దగ్గర పెట్టుకుని) లేదు... దీపం స్తంభం ఒకటుందేమో. పట్టాల మీదకు చెయ్యి లేదు.

యాదగిరి: ఇంకా లేనిదాని గురించే మాట్లాడుతున్నాం. ఉన్నదాన్ని చూద్దాం. మన వైపు రైలు ఆగి ఉంది, దాని కింద ఏముందో తెలీదు. ఎదుటి లైన్ ఖాళీగా ఉంది, అదే మన అదృష్టం. థర్డ్ రైల్‌ను ప్లాట్‌ఫామ్ అంచు కింద పెట్టరు, జనం పడితే ప్రమాదమని అవతలి వైపు పెడతారు. ఇక్కడ ప్లాట్‌ఫామ్‌లు రెండూ బయట ఉన్నై, కాబట్టి అది రెండు లైన్ల నడుమ ఉండాలి. అక్కడ చూడు.

శిరీష: పట్టా పక్కన ఒక మూత వేసిన పట్టీ పోతోంది. కేబుళ్ల తొట్టేమో!

యాదగిరి: తొట్టి అయితే నేల మీద కూర్చుంటుంది. ఇది పట్టాకు ఒకే దూరంలో, పట్టాకన్నా కాస్త ఎత్తుగా పోతోంది. కింద కొంచెం కొంచెం దూరానికి ఒక కాలు ఉంది. ఆ కాళ్లు కనబడుతున్నాయా?

శిరీష: ఒకటి... రెండు... అవును, వరసగా ఉన్నాయి.

యాదగిరి: అయితే హైదరాబాద్ కాదు. మన మూడు లైన్లలో ఎక్కడా ఆ పట్టా లేదు.

శిరీష: హైదరాబాద్ కాదని ఒప్పుకుంటా. బెంగళూరని మాత్రం ఇంకా తేలలేదు. కొచ్చిలో కూడా మూడు బోగీలే, థర్డ్ రైల్ ఉంది, మలయాళం కూడా గుండ్రటి లిపే, బోర్డు మీద హిందీ కూడా ఉంటుంది.

యాదగిరి: ఇక్కడే నీ మొదటి మాట పనికొస్తుంది. కొచ్చి ప్లాట్‌ఫామ్‌లు మూడు బోగీలకే కట్టినై. ఇంత ఖాళీ మిగలదు.

శిరీష: మరి అహ్మదాబాద్? మన రైళ్లు చేసిన హ్యుందాయ్ రోటెమ్ వాళ్లే అక్కడివీ చేశారు, అవీ మూడు బోగీలే.

యాదగిరి: గుజరాతీ అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండవు. కానీ అట్లంటే చెదిరిన బోర్డు మీది లిపిని నీలాగే నేనూ నమ్ముకున్నట్టే అవుతుంది. అహ్మదాబాద్‌ను కొట్టేయడానికి రైలు పక్క రంగు పట్టీ చూడాలి, ఈ ఫోటోలో ఒంటినిండా ప్రకటన అతికించి ఉంది. బెంగళూరు అని నేను గట్టిగానే అంటా, పూర్తిగా తేలిందని మాత్రం అనను.

సురేశ్: ఇది పంపినవాడే లోపల తీసిన ఫోటో కూడా ఒకటి పంపాడు. సీట్లు మనవిలాగే ఉన్నై.

శిరీష: సీట్లతో కుదరదు అన్నా. బెంగళూరు మొదటి రైళ్లు బీఈఎంఎల్ చేసినా, అందులో హ్యుందాయ్ రోటెమ్, మిత్సుబిషి కూడా భాగస్వాములే. స్టీలు కడ్డీలు, గోడల వెంబడి సీట్లు ఏ ఊరి రైల్లోనైనా దాదాపు అవే. తలుపు పైన లైన్ పటం ఉంటుంది, అది పంపమను. ఊదా గీత ఉంటే బెంగళూరు. ఎరుపు, నీలం అమీర్‌పేట దగ్గర కలిస్తే మనది.

యాదగిరి: పటం వస్తే నా థర్డ్ రైల్ అవసరం కూడా ఉండదు.

సురేశ్: తలుపు పైభాగం ఫోటోలో రాలేదట. వాడికి ఇంకో ఫోటో లేదు.

శిరీష: అయితే అది బెంగళూరా, అహ్మదాబాదా అన్నది ఇంకా మిగిలే ఉంది. వాడు ఎక్కడినుంచి పంపాడో, ఆ ఫోటో ఎవరు తీశారో అడుగు. వాట్సాప్‌లో చేతులు మారిన ఫోటోలో తీసిన తేదీ మిగలదు. 2019 మార్చికి ముందు తీసిందని తెలిసినా చాలు, అప్పటికి అహ్మదాబాద్ మెట్రో మొదలే కాలేదు.